ఐడ్లింగ్‌లో వణుకు, స్కానర్‌లో P0011: తప్పు వాల్వుదా, ఆయిల్‌దా?

పెట్రోలు ఇంజిన్‌లోకి గాలిని రానిచ్చే ఇన్‌టేక్ వాల్వులు, కాలిన పొగను బయటికి పంపే ఎగ్జాస్ట్ వాల్వులు ఎప్పుడు తెరుచుకోవాలో, ఎప్పుడు మూసుకోవాలో కామ్‌షాఫ్ట్ నిర్ణయిస్తుంది. పాత ఇంజిన్లలో ఆ వేళ తయారైన నాడే ఖరారయ్యేది. సిగ్నల్ దగ్గర 700 ఆర్‌పీఎంలో నిలబడి ఉన్నా, హైవే మీద 5000 దగ్గర పరుగెడుతున్నా ఇంజిన్ అదే వేళతో సర్దుకుపోవాలి. నిజానికి ఈ రెండు పరిస్థితులకూ కావలసిన వేళలు వేరు. కారు నడుస్తుండగానే కామ్‌షాఫ్ట్‌ను కాస్త ముందుకో వెనక్కో తిప్పి ఆ వేళను మార్చే ఏర్పాటే వేరియబుల్ వాల్వ్ టైమింగ్, క్లుప్తంగా వీవీటీ. మార్కెట్లోకి వచ్చిన కార్లలో దీన్ని మొదట 1980లో ఆల్ఫా రోమియో స్పైడర్‌లో అమర్చారు. ఇప్పుడు మన రోడ్ల మీద తిరిగే మామూలు హ్యాచ్‌బ్యాక్‌లలోనూ ఇది ఉంటోంది.

దీని పనితీరు చూడడానికి టయోటా 1ZZ-FE ఇంజిన్ అనువైనది. 2003లో మన దేశానికి వచ్చిన కరోలాలో ఉన్న 1.8 లీటర్ల ఇంజిన్ ఇది. వీవీటీ ఇందులో ఇన్‌టేక్ కామ్‌షాఫ్ట్‌కు మాత్రమే ఉంది కాబట్టి సొలెనాయిడ్ కూడా ఒక్కటే. రెండు కామ్‌షాఫ్ట్‌లకూ వీవీటీ ఉన్న కొత్త ఇంజిన్లలోనూ సూత్రం మారదు.

టైమింగ్ చైన్ తిప్పే పళ్ళచక్రం ఈ ఇంజిన్‌లో కామ్‌షాఫ్ట్‌కు నేరుగా బిగించి ఉండదు. రెండింటి మధ్య ఫేజర్ అనే గుండ్రటి డబ్బా ఉంటుంది. డబ్బా చైన్‌తో పాటు తిరుగుతుంది. దాని లోపల రెక్కలున్న రోటర్ కామ్‌షాఫ్ట్‌కు అంటిపెట్టుకుని ఉంటుంది. రెక్కలకు ఒక పక్క గదుల్లోకి ఇంజిన్ ఆయిల్ ఒత్తిడితో చేరితే రోటర్ ముందుకు జరిగి, వాల్వులు ముందుగా తెరుచుకుంటాయి. దీన్ని అడ్వాన్స్ అంటారు. అవతలి పక్క గదులు నిండితే రోటర్ వెనక్కి జరుగుతుంది. అది రిటార్డ్. మొత్తం జరుగుబాటు క్రాంక్‌షాఫ్ట్ కోణంలో సుమారు 40 డిగ్రీలు. ఇంజిన్ ఆపినప్పుడు రోటర్ పూర్తి రిటార్డ్ స్థానానికి చేరి, చిన్న పిన్నుతో అక్కడే తాళం పడుతుంది. మళ్ళీ స్టార్ట్ చేశాక ఆయిల్ ఒత్తిడి పెరిగితేనే ఆ పిన్ను వదులుతుంది.

ఆయిల్ ఏ గదుల్లోకి వెళ్ళాలో తేల్చేది సొలెనాయిడ్. కంపెనీల పుస్తకాల్లో దీని పేరు ఆయిల్ కంట్రోల్ వాల్వ్. దీనికి రెండు భాగాలున్నాయి. ఒక చివర కరెంటు పారే కాయిల్. రెండో చివర గొట్టంలాంటి తొడుగులో ముందుకూ వెనక్కూ జారే సన్నటి లోహపు కడ్డీ, దాని వెనక ఒక స్ప్రింగ్. ఈ కడ్డీని స్పూల్ అంటారు. ఇంజిన్ కంప్యూటర్ కాయిల్‌కు కరెంటును చాలా వేగంగా ఇస్తూ ఆపుతూ ఉంటుంది. అందులో కరెంటు ఉన్న సమయం ఎక్కువైతే స్పూల్ అడ్వాన్స్ వైపు ఆయిల్‌ను వదులుతుంది. తక్కువైతే స్ప్రింగ్ దాన్ని రిటార్డ్ వైపు నెట్టేస్తుంది. సగానికి కాస్త అటూ ఇటూ ఉన్నప్పుడు రెండు దారులూ మూసుకుని, కామ్‌షాఫ్ట్ ఉన్న కోణంలోనే నిలిచిపోతుంది. అంటే సొలెనాయిడ్ పేరుకే విద్యుత్ పరికరం. అది చేసేదంతా నూనె పని. పైగా ఆ నూనె దానికోసం విడిగా పెట్టింది కాదు, ఇంజిన్ అంతటా తిరిగి మసి, తేమ, పెట్రోలు ఆవిరి పోగేసుకుని వచ్చిన ఆయిలే. స్పూల్‌కూ తొడుగుకూ మధ్య సందు మిల్లీమీటరులో వందో వంతుల లెక్కలో ఉంటుంది. దారిలో ఒక సన్నటి జాలీ ఉన్నా, అది పెద్ద రేణువులనే ఆపగలదు.

సొలెనాయిడ్ చెడితే ఐడ్లింగ్ ఎందుకు పాడవుతుందన్నది దానికి ఏ స్థానంలో చెడిందన్నదాన్ని బట్టి ఉంటుంది. ఎగ్జాస్ట్ వాల్వు పూర్తిగా మూసుకోకముందే ఇన్‌టేక్ వాల్వు తెరుచుకుంటే రెండూ కాసేపు ఒకేసారి తెరిచి ఉంటాయి. దీన్ని ఓవర్‌ల్యాప్ అంటారు. మధ్యస్థ వేగంలో ఇది మేలే చేస్తుంది. ఐడ్లింగ్‌లో మాత్రం థ్రాటిల్ దాదాపు మూసి ఉండడంతో ఇన్‌టేక్ మానిఫోల్డ్‌లో బలమైన వాక్యూమ్ ఉంటుంది. ఓవర్‌ల్యాప్ ఎక్కువగా ఉంటే ఆ వాక్యూమ్ కాలిన పొగను సిలిండర్‌లోకీ, మానిఫోల్డ్‌లోకీ వెనక్కి లాగేస్తుంది. తర్వాతి దఫా కాలవలసిన మిశ్రమంలో పొగ పాలు పెరిగి మంట మందగిస్తుంది, ఒక్కోసారి అసలు అంటుకోదు. ఇంజిన్ మిస్ కొడుతుంది, ఆర్‌పీఎం ముల్లు 500కూ 900కూ మధ్య ఊగుతుంది, వణుకు స్టీరింగ్ దాకా వస్తుంది. అందుకే ఆరోగ్యంగా ఉన్న ఇంజిన్ ఐడ్లింగ్‌లో కామ్‌షాఫ్ట్‌ను పూర్తి రిటార్డ్‌లో ఉంచుతుంది. స్పూల్ అడ్వాన్స్ వైపు ఇరుక్కుపోతే ఆ వీలు పోతుంది.

రిటార్డ్ వైపు ఇరుక్కుంటే కథ వేరు. ఐడ్లింగ్ సాఫీగానే ఉంటుంది. ఎత్తు ఎక్కేటప్పుడు, ఓవర్‌టేక్ చేసేటప్పుడు బండి లాగదు, మైలేజీ కొద్దిగా తగ్గుతుంది. చాలామంది దీన్ని బండి వయసు మీదకు నెట్టి నెలల తరబడి అలాగే నడిపేస్తారు.

కామ్‌షాఫ్ట్ ఎక్కడ ఉందో కంప్యూటర్‌కు రెండు సెన్సర్లు చెబుతాయి. ఒకటి క్రాంక్‌షాఫ్ట్‌ది, రెండోది కామ్‌షాఫ్ట్‌ది. రెండింటి సంకేతాల మధ్య తేడాను లెక్కగట్టి అసలు కోణం ఎంతో అది తెలుసుకుంటుంది. తాను కోరిన కోణానికీ అసలు కోణానికీ మధ్య తేడా హద్దు దాటి, నిర్ణీత సమయం అలాగే ఉండిపోతే కోడ్‌ను దాచుకుంటుంది. ఇన్‌టేక్ కామ్‌షాఫ్ట్ ఉండవలసిన దానికన్నా అడ్వాన్స్‌లో ఉండిపోతే P0011, రిటార్డ్‌లో ఉండిపోతే P0012. సొలెనాయిడ్ వైరింగులోనో కాయిల్‌లోనో విద్యుత్ లోపం ఉంటే P0010. పాత టయోటాలలో ఇదే తంటాకు P1349 అని వచ్చేది. కోడ్‌తో పాటు ఆ క్షణాన ఆర్‌పీఎం ఎంత, కూలెంట్ వేడి ఎంత, ఇంజిన్ మీద లోడు ఎంత అన్న వివరాలు కూడా కంప్యూటర్‌లో నమోదవుతాయి. దీన్ని ఫ్రీజ్ ఫ్రేమ్ అంటారు. స్కానర్ తగిలించగానే కోడ్ చెరిపేసే అలవాటు కొన్ని షెడ్లలో ఉంది. చెరిపితే ఈ వివరాలూ పోతాయి. లోపం పొద్దున్నే చల్లటి ఇంజిన్‌తో వచ్చిందా, గంట ట్రాఫిక్ తర్వాత వేడెక్కాక వచ్చిందా అన్నది తెలిసేది అక్కడే, సగం నిదానం దానితోనే తేలుతుంది.

P0011 అంటే సొలెనాయిడ్ మార్చమని కాదు. కామ్‌షాఫ్ట్ అడిగిన చోటికి రాలేదని మాత్రమే. రాకపోవడానికి స్పూల్ ఇరుక్కోవడం ఒక కారణం. జాలీ మూసుకుపోవడం, ఆయిల్ మరీ చిక్కగా ఉండడం, ఒత్తిడి చాలకపోవడం, ఫేజర్ అరగడం, చైన్ సాగడం కూడా అదే కోడ్‌ను తెప్పించగలవు. వీటిలో ఎక్కువ భాగం ఆయిల్ దగ్గరే మొదలవుతాయి.

ఆయిల్ మడ్డి ఎలా పుడుతుందో చూస్తే ఊళ్ళో తిరిగే కార్లకే ఇది ఎందుకు ఎక్కువో తెలుస్తుంది. పిస్టన్ రింగుల పక్కనుంచి కొంత మంట పొగ ఎప్పుడూ కింద ఉన్న ఆయిల్‌లోకి జారుతుంది. అందులో నీటి ఆవిరి, కాలని పెట్రోలు, మసి ఉంటాయి. ఇంజిన్ పూర్తిగా వేడెక్కి కొంతసేపు నడిస్తే నీరూ పెట్రోలూ ఆవిరై పీసీవీ వాల్వు ద్వారా బయటికి పోతాయి. రెండు మూడు కిలోమీటర్లకే ఆపేసే ప్రయాణాల్లో అవి ఆయిల్‌లోనే మిగిలిపోతాయి. ఇంకోవైపు, వేడికి ఆయిల్ ఆక్సిజన్‌తో కలిసి చిక్కబడుతుంది. మసిని విడిగా తేలేట్టు పట్టి ఉంచే డిటర్జెంట్ రసాయనాలు ఆయిల్‌లో కలిపే ఉంటాయి గానీ, అవి వాడే కొద్దీ ఖర్చయిపోతాయి. తర్వాత మసి ముద్దకట్టి మడ్డిగా పేరుకుంటుంది. దాని చెల్లెలి లాంటిది వార్నిష్: వేడి లోహం మీద అంటుకునే పలుచటి, గట్టి, గోధుమరంగు పూత. జాలీని మూసేది మడ్డి. స్పూల్‌ను పట్టేసేది ఎక్కువగా వార్నిష్.

ఆయిల్ మార్చే గడువును కిలోమీటర్లలో మాత్రమే లెక్కపెట్టడం ఇక్కడ మోసపుచ్చుతుంది. హైవే మీద సగటున గంటకు 60 కిలోమీటర్లు నడిచే కారు 10,000 కిలోమీటర్లకు సుమారు 167 గంటలు ఇంజిన్ తిప్పుతుంది. హైదరాబాద్ ట్రాఫిక్‌లో సగటున 15తో నడిచేది అదే దూరానికి 667 గంటలు తిప్పుతుంది. మీటరు రెండింటికీ ఒకే అంకె చూపిస్తుంది, ఆయిల్ మాత్రం రెండో కారులో నాలుగింతలు ఎక్కువసేపు పనిచేసింది. చాలా కంపెనీల మాన్యువల్‌లో ఇలాంటి వాడకానికి తక్కువ గడువు విడిగా రాసి ఉంటుంది. కారు అమ్మేటప్పుడు ఆ పేజీ గురించి ఎవరూ చెప్పరు.

ఇక ఆయిల్ గ్రేడ్. 5W-30, 20W-50 లాంటి పేర్లలో W ముందున్న అంకె చలిలో ఆయిల్ ఎంత తేలిగ్గా పారుతుందో చెబుతుంది. వెనకున్న అంకె వేడి ఇంజిన్‌లో చిక్కదనం. SAE ప్రమాణం ప్రకారం 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర 30 గ్రేడు ఆయిల్ చిక్కదనం 9.3 నుంచి 12.5 సెంటీస్టోక్‌ల మధ్య ఉండాలి. 50 గ్రేడుది 16.3 నుంచి 21.9 దాకా. ఉదయం చల్లగా ఉన్నప్పుడు తేడా ఇంకా పెద్దది: 20W-50 మామూలుగా 5W-30కి రెండు రెట్లకు పైగా చిక్కగా ఉంటుంది. ఫేజర్ గదులు, వాటికి దారితీసే సన్నటి రంధ్రాలు, స్పూల్ దారులు అన్నీ కంపెనీ సూచించిన ఆయిల్ పారే వేగాన్ని లెక్కలోకి తీసుకుని చేసినవి. అంతకన్నా చిక్కటి ఆయిల్ పోస్తే గదులు నిండడమూ ఖాళీ కావడమూ ఆలస్యమవుతుంది. కంప్యూటర్ అడిగిన కోణానికి కామ్‌షాఫ్ట్ చేరేలోపే గడువు దాటిపోయి, సొలెనాయిడ్ బాగున్నా కోడ్ పడవచ్చు. వేగంగా వచ్చి సిగ్నల్ దగ్గర బ్రేకు వేసినప్పుడు కామ్‌షాఫ్ట్ అడ్వాన్స్ నుంచి వెనక్కి రావడం ఆలస్యమై ఇంజిన్ ఒక్కసారి కుంగుతుంది, కొన్నిసార్లు ఆగిపోతుంది.

బండి పాతబడిందనో, మన ఎండలు ఎక్కువనో చిక్కటి ఆయిల్ పోయించే అలవాటు ఊళ్ళలో గట్టిగా ఉంది. ఆయిల్ తాగే ఇంజిన్‌కు అది కొంతకాలం ఉపశమనం ఇస్తుందన్నది అబద్ధం కాదు. కానీ కూలెంట్ వేడిని థర్మోస్టాట్ అదుపు చేస్తుంది కాబట్టి, బయట 30 డిగ్రీలున్నా 42 ఉన్నా ఇంజిన్‌లోని ఆయిల్ వేడిలో అంత తేడా రాదు. వేడి ప్రాంతాలకు రెండు మూడు గ్రేడులు వాడవచ్చని కొన్ని మాన్యువల్స్ పట్టిక ఇస్తాయి. ఆ పట్టికలో ఉన్నది ఏదైనా సరే. లేనిది వీవీటీ ఇంజిన్‌లో పోయకూడదు.

మరీ పల్చటి ఆయిల్ చేసే చెడు దీనికి ఎదురు దిక్కున ఉంటుంది. అది పొద్దున బయటపడదు, బాగా వేడెక్కాక ఐడ్లింగ్‌లో బయటపడుతుంది. ఆయిల్ సందుల్లోంచి కారిపోయి ఒత్తిడి పడిపోతుంది, ఫేజర్ ఒక కోణంలో నిలబడలేక ఊగుతుంది. తప్పు గ్రేడు పోయడం వల్లనే కాక, పెట్రోలు కలిసి పల్చబడినా ఇదే జరుగుతుంది. డిప్‌స్టిక్ వాసన చూస్తే పెట్రోలు తెలిసిపోతుంది. లెవెల్ తక్కువైనా, గీత దాటి ఎక్కువైనా ఆయిల్‌లో గాలి బుడగలు చేరతాయి. గాలి ఒత్తిడికి కుంగిపోతుంది కాబట్టి ఫేజర్‌కు పట్టు దొరకదు.

ఒక నమూనా కరోలాను తీసుకుంటే నిదానం ఎలా సాగుతుందో తెలుస్తుంది. 1,20,000 కిలోమీటర్లు తిరిగింది, ఎక్కువగా నగరంలోనే. చివరిసారి 20W-50 పోశారు, దాని మీద 9,000 కిలోమీటర్లు నడిచింది. ఐడ్లింగ్‌లో వణుకు, చెక్ ఇంజిన్ లైట్, స్కానర్‌లో P0011తో పాటు మిస్‌ఫైర్ కోడ్ P0300. మిస్‌ఫైర్ కోడ్ చూసి ప్లగ్గులు మార్చారు, థ్రాటిల్ బాడీ శుభ్రం చేశారు, ఫలితం లేదు. యాక్సిలరేటర్ నొక్కి 2000 ఆర్‌పీఎంలో పట్టి ఉంచితే మాత్రం ఇంజిన్ సాఫీ అయింది. గాలి లీకు ఉన్నా ఇలాగే సాఫీ అవుతుంది, అందుకే ఫ్యూయల్ ట్రిమ్ చూడాలి. గాలి లీకైతే ఐడ్లింగ్‌లో ట్రిమ్ ప్లస్ వైపు బాగా పెరుగుతుంది. ఇక్కడ పెద్దగా పెరగలేదు.

లైవ్ డేటాలో VVT Change Angle అన్న వరుస ఐడ్లింగ్‌లో సున్నా దగ్గర ఉండాలి. ఈ కారులో 20 డిగ్రీలు చూపించింది. సొలెనాయిడ్ ప్లగ్ ఊడదీశారు. కరెంటు లేకపోతే స్ప్రింగ్ స్పూల్‌ను రిటార్డ్‌కు నెట్టాలి, ఐడ్లింగ్ సర్దుకోవాలి. సర్దుకుని ఉంటే లోపం కంప్యూటర్ వైపో వైరింగు వైపో ఉందనుకోవచ్చు. ఇక్కడ ఏ మార్పూ రాలేదు, అంటే స్పూల్ గానీ ఫేజర్ గానీ ఇరుక్కుని ఉంది. మల్టీమీటర్‌తో కాయిల్ రెసిస్టెన్స్ కొలిస్తే 7.3 ఓమ్‌లు వచ్చింది. 20 డిగ్రీల దగ్గర ఉండవలసింది 6.9 నుంచి 7.9. కాయిల్ నిక్షేపం. రెసిస్టెన్స్ సరిపోయిందని సొలెనాయిడ్ బాగుందని తేల్చేయడం షెడ్లలో తరచూ జరిగే పొరపాటు. ఆ కొలత కాయిల్ గురించే చెబుతుంది, స్పూల్ గురించి ఏమీ చెప్పదు.

సొలెనాయిడ్‌ను ఒకే బోల్టు పట్టి ఉంచుతుంది, విప్పడం తేలిక. బయటికి తీస్తే తొడుగు రంధ్రాల చుట్టూ గోధుమరంగు పూత ఉంది. స్పూల్ అడ్వాన్స్ వైపు జరిగి ఆగిపోయింది. బ్యాటరీ నుంచి ఒక్క క్షణం 12 వోల్టులు ఇచ్చి తీసేస్తే టక్కుమని వెళ్ళి టక్కుమని వెనక్కి రావాలి, ఇది కదలలేదు. కరెంటును ఎక్కువసేపు పట్టి ఉంచితే కాయిల్ మాడిపోతుంది. తర్వాత సిలిండర్ హెడ్ మీద విడి బోల్టు వెనక ఉన్న జాలీని తీశారు. సగానికి పైగా నల్లటి మడ్డితో మూసుకుపోయింది. చాలామంది సొలెనాయిడ్ మార్చి ఈ జాలీని మరిచిపోతారు, కొన్ని నెలలకు కోడ్ తిరిగి వస్తుంది.

కార్బ్ క్లీనర్‌తో కడిగాక స్పూల్ కదిలింది, కానీ వెనక్కి రావడంలో అక్కడక్కడ తట్టుకుంది. తట్టుకునే స్పూల్‌ను తిరిగి బిగించడం రెండోసారి విప్పడానికి ముహూర్తం పెట్టుకోవడమే. కడిగితే పూర్తిగా స్వేచ్ఛగా జారేది ఉంచుకోవచ్చు, జారనిది మార్చాలి. కొత్తది బిగించేటప్పుడు కొత్త ఓ-రింగ్ వేసి, దానికి ఆయిల్ రాసి లోపలికి నెట్టారు. హెడ్ అల్యూమినియంది కాబట్టి బోల్టును చేతిబలంతో బిగదీయకూడదు.

కొత్త సొలెనాయిడ్‌ను పాత ఆయిల్‌తో నడపడం దండగ. ఈ ఇంజిన్‌లో ఫిల్టర్‌తో కలిపి 3.7 లీటర్లు పడుతుంది. 5W-30 పోసి, 1,500 కిలోమీటర్లకే మళ్ళీ మార్చారు. మడ్డిని మెల్లగా కరిగించి బయటికి తేవడానికి తాజా ఆయిల్‌లోని డిటర్జెంట్‌కు ఆ అవకాశం ఇవ్వాలి. అయిదు పది నిమిషాల్లో ఇంజిన్ కడిగేస్తామనే ఘాటైన ఫ్లష్‌లు బాగా మడ్డిపట్టిన ఇంజిన్‌లో ప్రమాదం. ఒక్కసారిగా ఊడిన ముద్దలు అడుగున ఆయిల్ పంపు పీల్చే జాలీకి అడ్డుపడితే బేరింగులకే ఆయిల్ అందదు. పీసీవీ వాల్వును ఊపి చూస్తే గలగలమనాలి. అది మూసుకుపోతే ఎంత మంచి ఆయిల్ పోసినా మడ్డి తిరిగి పుడుతుంది.

పని అయ్యాక కోడ్ చెరిపి, కారును పూర్తిగా వేడెక్కేదాకా, మధ్యమధ్య వేగం పెంచి తగ్గిస్తూ నడపాలి. చెరిపిన వెంటనే లైట్ ఆరడం సహజం, అది బాగైనందుకు రుజువు కాదు. లైవ్ డేటాలో కోణం యాక్సిలరేటర్‌ను అనుసరించి పెరిగి, కాలు తీయగానే సున్నాకు రావడం అసలు రుజువు. ఈ కారులో అలాగే వచ్చింది, వణుకు పోయింది.

ఇంత చేసినా కోడ్ తిరిగి వస్తే ఆయిల్ ఒత్తిడిని గేజితో కొలవాలి. టయోటా ప్రమాణం ప్రకారం వేడి ఇంజిన్‌లో ఐడ్లింగ్ దగ్గర కనీసం 29 కిలోపాస్కల్‌లు, 3000 ఆర్‌పీఎం దగ్గర 294 నుంచి 539 దాకా ఉండాలి. ఒత్తిడీ సరిగ్గా ఉంటే ఫేజర్‌నూ చైన్‌నూ అనుమానించాలి. స్టార్ట్ చేసిన మొదటి క్షణాల్లో ఇంజిన్ ముందు భాగం నుంచి గలగలమనే చప్పుడు వస్తుంటే ఆ అనుమానం బలపడుతుంది. P0011తో పాటు P0016 కూడా వస్తే, అంటే క్రాంక్‌షాఫ్ట్‌కూ కామ్‌షాఫ్ట్‌కూ పొంతన కుదరడం లేదని కంప్యూటర్ చెబితే, చైన్ సాగిందో పన్ను దాటిందో తేలేదాకా ఆ కారును నడపకూడదు. చైన్ ఇంకో పన్ను దాటితే పిస్టన్లు వాల్వులను తగిలే ప్రమాదం ఉంది.